కనుమ రోజు పిల్లలకు చెప్పిన చక్రవడ్డీ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈసారి సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊళ్లో అందరం కలిశాం. కనుమ రోజు భోజనాలయ్యాక డాబా మీద పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు తొమ్మిది మందిని కూర్చోబెట్టి, డబ్బు తొందరగా దాచడం మొదలుపెడితే ఏమవుతుందో ఒక అరగంట మాట్లాడాను. నా కొడుకూ వాళ్లలోనే ఉన్నాడు. ఆ రోజు నుంచి పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు. ఎక్కువ మంది అడిగినవి, నాకు జవాబు బాగా తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను.

దాచుకోవడం గురించి చెప్తానని అప్పుతో ఎందుకు మొదలుపెట్టావు బాబాయ్?

చక్రవడ్డీ అంటే మన ఊళ్లో అందరికీ అప్పు వైపు నుంచే తెలుసు కాబట్టి. మీరు బళ్లో సూత్రం నేర్చుకున్నారు, పరీక్షలో రాశారు, కానీ "రెండు రూపాయల వడ్డీ" అంటే ఏంటని అడిగితే తొమ్మిది మందిలో ఏడుగురు ఏడాదికి రెండు శాతం అన్నారు. నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఇది ముందు తలకెక్కాలి.

ఇప్పుడు మా నాన్న, అంటే మీ తాతయ్య, చేసిన అప్పు సంగతి. నోటు రాసి పదివేలు తెచ్చాడు, రెండు రూపాయల వడ్డీకి. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అందుకని అప్పిచ్చినాయన మూడేళ్లు నిండకముందే వచ్చి నోటు తిరగరాయించుకుంటాడు. నెలకి రెండు వందల చొప్పున ముప్పై ఆరు నెలలకి వడ్డీ 7,200. ఆ వడ్డీ చేతిలో లేకపోతే అదీ అసల్లో కలిపి 17,200కి కొత్త నోటు. ఇక్కడే ఉంది అసలు విషయం, కొత్త నోటు మీద నెల వడ్డీ రెండు వందలు కాదు, 344. ఇంకో మూడేళ్లకి 29,584. ఇంకో మూడేళ్లకి 50,884. అదే బారువడ్డీ అయితే తొమ్మిదేళ్లకి అసలుతో కలిపి 31,600తో పోయేది. మధ్యలో ఉన్న ఆ పంతొమ్మిది వేలు ఎవరూ మనకి అప్పుగా ఇవ్వలేదు, వడ్డీకి పుట్టిన వడ్డీ అది. చెరువు కింద అరెకరం దాని కిందే పోయింది.

నేను ఆ నోట్లు చూశాను, రెవెన్యూ స్టాంపు మీద నాన్న సంతకంతో. మూడో నోటు మీద సంతకం వణికి ఉంది. అదే లెక్కలో మీరు అప్పిచ్చినాయన వైపు కూర్చుంటే ఎలా ఉంటుందన్నదే ఆ రోజు నేను చెప్పదలుచుకున్నది. బ్యాంకూ పోస్టాఫీసూ మీకు రెండు రూపాయల వడ్డీ ఇవ్వవు, అర్ధరూపాయి, మహా అయితే అరవై పైసలు ఇస్తాయి. అందుకే మూడేళ్లలో, తొమ్మిదేళ్లలో ఏమీ కనిపించదు, ముప్పై నలభై ఏళ్లు కావాలి. అన్నేళ్లు మిగిలి ఉన్నది ఆ డాబా మీద మీకే.

పదిహేనేళ్లకి మొదలుపెట్టినవాడు, పాతికేళ్లకి మొదలుపెట్టినవాడు అన్న లెక్క మళ్లీ ఒకసారి చెప్తారా?

పెద్దాడు, చిన్నాడు అనుకుందాం, పేర్లు వద్దు.

పెద్దాడు పదిహేనో ఏట మొదలుపెట్టి ప్రతి సంవత్సరం మొదట్లో పన్నెండు వేలు వేస్తాడు, అంటే నెలకి వెయ్యి చొప్పున. పదేళ్లు వేసి పాతికేళ్లకి ఆపేస్తాడు, ఆ తర్వాత ఒక్క రూపాయి వేయడు, తీయడు కూడా. వేసింది మొత్తం 1.2 లక్షలు. చిన్నాడు పాతికో ఏట మొదలుపెట్టి అరవై వచ్చేదాకా ముప్పై ఐదేళ్లు అదే పన్నెండు వేలు వేస్తూనే ఉంటాడు. వాడు వేసింది 4.2 లక్షలు. ఇద్దరికీ వడ్డీ 7.1 శాతమే అనుకుంటే, పెద్దాడి డబ్బు పాతికేళ్లకి సుమారు 1.78 లక్షలు, అరవయ్యో ఏటికి 19.68 లక్షలు అవుతుంది. చిన్నాడిది 18.16 లక్షలు.

ఎవరికైనా నమ్మకం కుదరకపోతే కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఇవి కొట్టి చూడండి. మొదటి గడిలో, అంటే A1లో, పెద్దాడికి పాతికేళ్లకి అయ్యేది, రెండో దాంట్లో దాన్నే ముప్పై ఐదేళ్లు వదిలేస్తే అయ్యేది, మూడోది చిన్నాడిది.

```
=FV(7.1%,10,-12000,0,1)
=A1*1.071^35
=FV(7.1%,35,-12000,0,1)
```

పెద్దాడు పాతికేళ్లకి ఆగకుండా చిన్నాడితో పాటు వేస్తూ పోతే ఈ రెండూ కలిపి 37.84 లక్షలు, అందులో సగానికి పైగా మొదటి పదేళ్లలో వేసిన ఆ 1.2 లక్షల నుంచి వచ్చిందే.

మావయ్యా, నేను ఆరు శాతంతో చేస్తే నువ్వు చెప్పింది తిరగబడింది. ఏది నిజం?

ఇది మా చెల్లెలి కూతురు అడిగింది, అక్కడే కూర్చుని ఫోన్లో లెక్క కట్టి మరీ. రెండూ నిజమే. ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషం వేసింది, ఎందుకంటే ఈ పెద్దాడు చిన్నాడి కథ పెట్టుబడులు అమ్మేవాళ్లందరూ చెప్తారు, వడ్డీ శాతం మార్చి చూపించేవాళ్లు తక్కువ.

ఆరు శాతంతో చేస్తే పెద్దాడికి 12.89 లక్షలు, చిన్నాడికి 14.17 లక్షలు. చిన్నాడే ముందు. ఎందుకంటే ఆరు శాతానికి డబ్బు పదేళ్లలో రెట్టింపు కాదు. చిన్నాడు మొదలుపెట్టే నాటికి పెద్దాడి చేతిలో 1.68 లక్షలే ఉంటాయి, దాని మీద మొదటి ఏడాది వచ్చే వడ్డీ సుమారు పదివేలు, చిన్నాడేమో ఏడాదికి పన్నెండు వేలు వేస్తున్నాడు. 7.1 దగ్గర ఆ వడ్డీ 12,667, అంటే పెద్దాడి డబ్బే వాడి తరఫున చిన్నాడి కంటే ఎక్కువ వేస్తున్నట్టు. ఎవరు గెలుస్తారన్నది చాలావరకు ఈ ఒక్క చోటే తేలిపోతుంది. నోటితో లెక్క వేసుకోవాలంటే 72ని వడ్డీ శాతంతో భాగించండి, ఎన్నేళ్లలో రెట్టింపు అవుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. ఆరుకి పన్నెండేళ్లు, 7.1కి పదేళ్లు, తాతయ్య అప్పు 24కి మూడేళ్లు.

అయినా ఆరు శాతంలో కూడా పెద్దాడు పెట్టింది చిన్నాడి దాంట్లో మూడో వంతు కూడా లేదు, వచ్చింది తొంభై శాతం. కాబట్టి తొందరగా మొదలుపెట్టడం వల్ల లాభం పోలేదు, "ఆపేసినా గెలుస్తాడు" అన్న మాట మాత్రం శాతం మీద ఆధారపడి ఉంది. ఆ రోజు ఈ ముక్క నా అంతట నేను చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

పదిహేనేళ్ల పిల్లాడు ఎక్కడ దాచాలి? వాడి పేరు మీద ఖాతా ఇస్తారా?

ఇస్తారు. మామూలు సేవింగ్స్ ఖాతా అయితే పదేళ్లు దాటినవాళ్లు సొంతంగానే తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకులకి స్పష్టంగా చెప్పింది, ఎంత మొత్తం దాకా అన్నది బ్యాంకు నిర్ణయించుకుంటుంది. కానీ అందులో వడ్డీ చాలా తక్కువ, అది డబ్బు చేరే చోటు మాత్రమే, పెరిగే చోటు కాదు.

పెరగడానికి నేను మా వాడికి తీసుకున్నది పీపీఎఫ్, అంటే పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ అనే ప్రభుత్వ పొదుపు పథకం. మన లెక్కలోని 7.1 శాతం దీనిదే. మైనర్ పేరు మీద అమ్మ గానీ నాన్న గానీ ఒకరే తెరవాలి, పోస్టాఫీసులో అయినా బ్యాంకులో అయినా. తల్లిదండ్రులు ఉండగా తాతయ్య తెరవడానికి ఒప్పుకోరు, మా అన్నయ్య ఇంట్లో ఈ విషయంలో ఒక రోజు పోస్టాఫీసు చుట్టూ తిరిగారు. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం లక్షన్నర, ఆ లక్షన్నర మీ ఖాతా, పిల్లాడి ఖాతా రెండూ కలిపి. పదిహేనేళ్లు కాలపరిమితి, ఆ తర్వాత ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. పద్దెనిమిది నిండాక దరఖాస్తు పెట్టి ఖాతా పిల్లాడి చేతికి మార్చుకోవాలి.

ఆడపిల్లలున్న ఇద్దరు సుకన్య సమృద్ధి గురించి అడిగారు. దాని వడ్డీ పీపీఎఫ్ కంటే ఎక్కువే, కానీ అమ్మాయికి పదేళ్లు దాటకముందే తెరవాలి. మన డాబా మీదున్న అమ్మాయిలందరూ దాటేశారు.

మన లెక్కలో పెద్దాడు పదేళ్లకే ఆపేశాడు కదా, పీపీఎఫ్‌లో అలా పూర్తిగా ఆపకూడదు. పదిహేనేళ్లు నిండేదాకా ఏటా ఆ 500 అయినా పడాలి, లేకపోతే ఖాతా ఆగిపోయినట్టు రాసుకుంటారు, ఆగిన ఒక్కో ఏడాదికి 50 రూపాయల జరిమానా, ఆ 500 కలిపి కట్టి మళ్లీ నడిపించుకోవాలి.

ఐదో తారీఖు లోపు వేయాలన్నారు, అంత తేడా ఉంటుందా?

పీపీఎఫ్‌లో ప్రతి నెలా ఐదో తారీఖు ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఎప్పుడు తక్కువ ఉందో ఆ మొత్తం మీదే వడ్డీ కడతారు. ఆరో తారీఖున వేసిన డబ్బుకి ఆ నెల వడ్డీ రాదు. పన్నెండు వేలకి నెల వడ్డీ 71 రూపాయలు, అది పోయినా కొంప మునగదు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. మనలో చాలామంది పన్ను కోసం గుర్తొచ్చి మార్చి చివర్లో వేస్తారు. ఏప్రిల్ మొదటి ఐదు రోజుల్లో వేయాల్సింది మార్చి 31న వేస్తే మొత్తం ఏడాది వడ్డీ, 852 రూపాయలు, పోతుంది. నేను పైన చెప్పిన లెక్కలన్నీ ఏప్రిల్ మొదట్లో ఒకేసారి వేస్తేనే. నెలనెలా వెయ్యి వేస్తే కొంచెం తక్కువ వస్తుంది, ఫర్వాలేదు, పిల్లల దగ్గర ఒకేసారి పన్నెండు వేలు ఎక్కడుంటాయి.

నా దగ్గర నెలకి వెయ్యి కాదు, రెండొందలే మిగులుతాయి పెదనాన్నా.

అయితే ఐదో వంతు. లెక్కలో ఇంకేమీ మారదు, 19.68 లక్షలు కాస్తా 3.94 లక్షలు అవుతుంది. పండక్కి పెద్దవాళ్లిచ్చిన డబ్బులు మొత్తం దాచమని నేను చెప్పలేదు, కావాలంటే మీ అమ్మని అడుగు, సగం సినిమాకీ పతంగులకీ ఖర్చు పెట్టుకోమనే చెప్పాను. మొత్తం లాక్కుంటే ఆ పిల్లాడు రెండో ఏడాది ఇవ్వడు.

నలభై ఐదేళ్ల తర్వాత ఇరవై లక్షలకి ఏం వస్తుంది?

చాలా మంచి ప్రశ్న, దీనికి నేను తప్పించుకునే జవాబు చెప్పను. ధరలు ఏటా ఐదు శాతం పెరుగుతాయనుకుంటే నలభై ఐదేళ్లలో తొమ్మిది రెట్లవుతాయి. అంటే ఆ 19.68 లక్షలు ఇవాళ్టి లెక్కలో సుమారు 2.2 లక్షలు. 1.2 లక్షలు వేస్తే 2.2 లక్షలు. బీరువాలో పెట్టి ఉంటే ఆ 1.2 లక్షలకి ఇవాళ్టి పదమూడు వేల చిల్లర విలువే మిగులుతుంది, ఆ విధంగా చూస్తే పీపీఎఫ్ డబ్బుని కాపాడింది, కొంచెం పెంచింది, అంతే. పైగా 7.1 అన్నది కూడా శాశ్వతం కాదు, ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఉంది, కానీ 2000కి ముందు చాలా ఏళ్లు పన్నెండు శాతం ఉండేది. అప్పుడు ధరలు కూడా ఇప్పటికంటే వేగంగా పెరిగేవనుకోండి.

అందుకే నలభై ఏళ్ల టైమ్ ఉన్నవాళ్లు కొంత భాగం షేర్లలో, అంటే సెన్సెక్స్ లాంటి సూచీలో ఉన్న కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్ లాంటి దాంట్లో పెట్టాలని నా నమ్మకం. అక్కడ శాతం ఎవరూ హామీ ఇవ్వరు, ఇస్తానన్నవాణ్ణి నమ్మకండి. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు దాటింది, 2009 మార్చి నాటికి ఎనిమిది వేల దగ్గరికి వచ్చింది. లక్ష కాస్తా నలభై వేలకి పడిపోయిన ఆ సమయంలో అమ్ముకున్నవాడికి చక్రవడ్డీ గురించి ఎంత చెప్పినా దండగే. అమ్మకుండా ఉండగలిగేది ఆ డబ్బుతో ఇప్పట్లో పని లేనివాడే, పదిహేనేళ్ల పిల్లాడికి ఆ వీలు ఉంది, అక్క పెళ్లికి దాచిన డబ్బుకి లేదు.

ఫండ్ విషయంలో ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెప్తాను. డైరెక్ట్ ప్లాన్, రెగ్యులర్ ప్లాన్ అని రెండు ఉంటాయి, రెండో దాంట్లో మధ్యవర్తి కమిషన్ మన డబ్బులోంచే ఏటా పోతుంది. ఒక్క శాతమే కదా అంటారు. ఒక లక్ష నలభై ఐదేళ్లు పది శాతం చొప్పున పెరిగితే సుమారు 72.9 లక్షలు, తొమ్మిది శాతం చొప్పున 48.3 లక్షలు. ఒక్క శాతం మూడో వంతు తినేసింది. వడ్డీకి వడ్డీ మనకోసం ఎలా పెరుగుతుందో, ఖర్చు మీద ఖర్చు కూడా అలాగే పెరుగుతుంది.

చీటీ వేస్తున్నాం కదా, బంగారం కొంటున్నాం కదా, అది చాలదా?

ఇది పిల్లలు కాదు, మా అక్క అడిగింది. చీటీ వేస్తే నెలనెలా డబ్బు పక్కకి పోతుంది, అది మంచి అలవాటే. కానీ చీటీ ఇరవై నెలలకో పాతిక నెలలకో అయిపోతుంది, పాట పాడిన డబ్బు ఇంట్లోకి వస్తుంది, వచ్చిన డబ్బుతో ఫ్రిజ్ కొంటాం. వడ్డీ మీద వడ్డీ పుట్టడానికి ముందే గొలుసు తెగిపోతుంది. చీటీ డబ్బు వచ్చిన రోజే ఎక్కడైనా వేసేస్తే అప్పుడు మాట వేరు. బంగారం ధర పెరుగుతుంది నిజమే, అయితే నగ నగని పెట్టదు, పైగా కొనేటప్పుడు తరుగు, మజూరీ పోతాయి, అమ్మేటప్పుడు అవి తిరిగి రావు. పెట్టుకోవడానికి కొను అక్కా, దాచుకోవడమని లెక్క రాయకు.

పద్దెనిమిది నిండాక ఫోన్ ఈఎమ్ఐలో తీసుకోవచ్చా? క్రెడిట్ కార్డు?

కార్డు తీసుకుని నెల తిరిగేసరికి మొత్తం కట్టేస్తే గొడవ లేదు. "మినిమమ్ డ్యూ" అని చిన్న మొత్తం చూపిస్తుంది, అది కట్టి మిగతాది వదిలేస్తేనే ప్రమాదం. చాలా కార్డుల మీద వడ్డీ నెలకి మూడున్నర శాతం దాకా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ, తాతయ్యని ముంచిన దానికంటే ఎక్కువ, పైగా ఇక్కడ మూడేళ్లకోసారి కాదు నెలనెలా నోటు తిరగరాస్తున్నట్టే. వెయ్యి బాకీ ఏడాదికి 1,511 అవుతుంది, ఆలస్య రుసుములు, జీఎస్టీ కలపకుండానే. అలాంటి బాకీ నెత్తిన పెట్టుకుని ఇంకోవైపు 7.1 శాతానికి దాచడం అర్థం లేని పని, ముందు బాకీ తీర్చాలి.

మధ్యలో చదువుకి డబ్బు కావాల్సి వస్తే?

తీయండి. ఫీజు కట్టలేక సీటు వదులుకుని పీపీఎఫ్ కాపాడుకోమని నేనెప్పుడూ చెప్పను. ఖాతా తెరిచాక ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి కొంత భాగం తీసుకోనిస్తారు. అయితే తీసేముందు ఆ డబ్బు ఎంతకి వెళ్లేదో చూసుకోండి. ఇరవయ్యో ఏట తీసిన పదివేలు 7.1 శాతం చొప్పున అరవయ్యో ఏటికి దాదాపు లక్షన్నర. కొత్త ఫోన్ కోసం తీసేటప్పుడు ఈ లెక్క గుర్తు రావాలి, కాలేజీ ఫీజుకి తీసేటప్పుడు అవసరం లేదు.

మూడేళ్లయినా ఏమీ పెరిగినట్టు లేదు, ఇది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

ఎక్కువమంది మానేసేది ఇక్కడే, మూడో ఏడు నాలుగో ఏడు. మా వాడూ పోయినేడాది ఇదే మాట అన్నాడు. పీపీఎఫ్ వడ్డీ మార్చి 31 తేదీన ఖాతాలో పడుతుంది. పాస్‌బుక్‌లో మిగతావన్నీ వదిలేసి ఆ ఒక్క వరుస చూడండి. ఏటా పన్నెండు వేలు వేస్తే మొదటి ఏడాది వడ్డీ 852. రెండో ఏడాది 1,764. మూడో ఏడాది 2,742. వడ్డీ పెరుగుతోంది నిజమే, కానీ పెరిగిన ఆ తొమ్మిది వందలు చాలావరకు మీరు కొత్తగా వేసిన పన్నెండు వేల వల్లే, వడ్డీకి పుట్టిన వడ్డీ ఇంకా పదుల్లో, వందల్లో ఉంది. అందుకే విసుగొస్తుంది. పదో ఏడాది వడ్డీ 11,827, అంటే మీరు వేసిన పన్నెండు వేలకి కాస్త తక్కువ. పదకొండో ఏడాది మీరు ఒక్క రూపాయి వేయకపోయినా 12,667 పడుతుంది.

మా వాడు పాస్‌బుక్ వెనక అట్ట మీద ఈ అంకెలు పెన్సిల్‌తో రాసుకున్నాడు, ఏటా పడిన వడ్డీ పక్కన టిక్కు పెడుతున్నాడు. ఇప్పటికి మూడు టిక్కులున్నాయి.